భార్య కీమో రోజులకు విడివిడి సెలవులు: ముందు క్యాలెండర్, తర్వాతే మెయిల్

ప్రశ్న: వైజాగ్‌లో రుషికొండ వైపు ఒక కంపెనీలో టీమ్ లీడ్‌ని. నా కింద ఆరుగురు. అమెరికా క్లయింట్‌కి ఇన్‌వాయిస్‌లు, పేమెంట్లు చూస్తాం. షిఫ్ట్ మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11. ప్రతి గురువారం పేమెంట్ రన్, నెలాఖరులో క్లోజింగ్. మా ఆవిడకి రొమ్ము క్యాన్సర్. డిసెంబర్ మొదట్లో ఆపరేషన్ అయింది. జనవరి 9, శుక్రవారం నుంచి కీమో అన్నారు. మూడు వారాలకొకటి చొప్పున నాలుగు, తర్వాత వారానికొకటి చొప్పున పన్నెండు, ఆపైన రేడియేషన్. ఏకంగా ఆరేడు నెలలు సెలవు పెట్టలేను, అలాగని రోజూ ఆఫీసుకి వెళ్ళనూ లేను. క్లయింట్ వైపు వాళ్ళు ‘ఇంటర్మిటెంట్ లీవ్’ అని విడివిడిగా తీసుకుంటారట. మనకీ అలా ఉంటుందా? ఎలా అడగాలి? టీమ్ ఇబ్బంది పడకుండా ఏం చేయాలి? కొత్త సంవత్సరానికి ఈఎల్ 14, సీఎల్ 8 ఉంటాయి. మేం పీఎం పాలెంలో ఉంటాం, ట్రీట్‌మెంట్ అగనంపూడిలో.

జవాబు:

ఇరవై నాలుగేళ్ళు ఈ ఊళ్ళోనే బ్యాక్ ఆఫీస్ ఆపరేషన్స్‌లో పనిచేశాను. చివరి తొమ్మిదేళ్ళు మీలాంటి లీడ్‌ల సెలవులు ఓకే చేసే కుర్చీలో ఉన్నాను. మావారికి కిడ్నీలు పాడై వారానికి మూడు రోజులు డయాలిసిస్ చేయించిన కాలంలో నేనే అడిగే వైపు నిలబడ్డాను. అంచేత రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందు ఆ ఇంటర్మిటెంట్ లీవ్ సంగతి. మీ క్లయింట్ వాళ్ళు చెప్పింది నిజమే. అమెరికాలో 1993లో వచ్చిన ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ యాక్ట్ అది. భర్తకో భార్యకో పెద్ద జబ్బు చేస్తే ఏడాదిలో 12 వారాల వరకు జీతం లేని సెలవు ఇస్తుంది. వైద్యానికి అవసరమైతే దాన్ని రోజులుగా, గంటలుగా కూడా విడగొట్టి వాడుకోవచ్చు. అది అక్కడ పనిచేసేవాళ్ళకి మాత్రమే. మీ కంపెనీకి అమెరికాలో హెడ్ ఆఫీసు ఉన్నా రుషికొండలో కూర్చున్న మీకు వర్తించదు. మెయిల్‌లో ఆ చట్టం పేరు రాయకండి. హెచ్‌ఆర్ వాళ్ళు ‘మనకి వర్తించదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అసలు విషయం పక్కకి పోతుంది.

మన దగ్గర ఉన్నది ఏమిటంటే ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం, 1988. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్ళకి 15 రోజుల జీతంతో కూడిన సెలవు, అది కాక 12 రోజుల క్యాజువల్ లీవ్, 12 రోజుల సిక్ లీవ్ ఇవ్వాలంటుంది. ఈ సిక్ లీవ్ దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. అది ఉద్యోగికి జబ్బు చేస్తే వాడుకోవాల్సింది. భార్య కీమోకి మీరు సిక్ లీవ్ పెట్టి, తర్వాత ఎవరైనా సర్టిఫికెట్ అడిగితే, మీ పేరు మీద అబద్ధపు సర్టిఫికెట్ తేవాల్సి వస్తుంది. ఆ పని చేయకండి. మేనేజర్ ‘ఎస్‌ఎల్ పెట్టేయ్, నేను చూసుకుంటా’ అన్నా వద్దనండి. మేనేజర్లు మారతారు, రికార్డు ఉండిపోతుంది.

చట్టం లెక్క ఎలా ఉన్నా, మీరు చెప్పినదాని ప్రకారం మీ చేతిలో ఉన్నవి 14 ఈఎల్, 8 సీఎల్, మొత్తం 22. మిగతాదంతా కంపెనీ ఇష్టం, మీరు అడిగే తీరు. కాకపోతే ఆ అమెరికా పద్ధతిలో మనం అరువు తెచ్చుకోదగిన మంచి విషయాలు కొన్ని ఉన్నాయి. అక్కడ ఉద్యోగి ముందే తెలిసిన ట్రీట్‌మెంట్ గురించి 30 రోజుల ముందు చెప్పాలి. ఎన్నాళ్ళకోసారి, ఎంతసేపు అవసరమో డాక్టర్ రాసివ్వాలి. ఆఫీసు పని మరీ చెడకుండా తేదీలు పెట్టించుకునే ప్రయత్నం కూడా చేయాలి. ఈ మూడూ చేసి అడిగినవాళ్ళకి కాదన్న మేనేజర్లు నాకు చాలా అరుదుగా కనబడ్డారు. మీకు 30 రోజులు లేవు, అయినా ఉన్నన్ని రోజులు ముందు చెప్పండి.

ఇక అసలు పని. మెయిల్ రాసే ముందు ఒక కాగితం మీద క్యాలెండర్ గీయండి. అందులో రెండు రకాల రోజులు ఉంటాయి. తేదీ తెలిసినవి, తేదీ తెలియనివి. మీలాంటి వాళ్ళ అభ్యర్థనలు చెడేది దాదాపు ఎప్పుడూ ఈ రెండింటినీ కలిపి ‘అప్పుడప్పుడు సెలవు కావాలి’ అని అడగడం వల్లే. ఆ ‘అప్పుడప్పుడు’ అన్న మాట వినగానే మేనేజర్‌కి ఈ మనిషి ఇక ఏ రోజు ఉంటాడో తెలియదు అన్న భయం పట్టుకుంటుంది.

తెలిసినవి ఇవి. మొదటి నాలుగు కీమోలు జనవరి 9, జనవరి 30, ఫిబ్రవరి 20, మార్చి 13. అన్నీ శుక్రవారాలే. కీమో రోజు సగం రోజుతో అయిపోతుందనుకోకండి. మందు ఎక్కడానికి పట్టే సమయం కన్నా బిల్లు, ఇన్సూరెన్స్ అప్రూవల్, ఫార్మసీ దగ్గర మందు రావడం, డే కేర్‌లో మంచం దొరకడం, వీటికే ఎక్కువ పోతుంది. పైగా మీరు పీఎం పాలెం నుంచి అగనంపూడి అంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి. ఎన్‌ఏడీ, గాజువాక దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది. ఆ నాలుగూ పూర్తి రోజుల సెలవులే.

శుక్రవారం రావడం మీ అదృష్టం. ఈ మందులకి వికారం, నీరసం రెండో రోజు, మూడో రోజు ఎక్కువగా ఉంటాయి. అవి శని, ఆదివారాల్లో పడతాయి. మీ గురువారం పేమెంట్ రన్ కూడా దాటిపోతుంది. డాక్టర్ గారి ఓపీ రోజుల వల్ల వేరే రోజుకి మార్చాలంటే తప్పదు గానీ, మీరై మీరు మార్చమని అడగకండి.

సోమవారం కూడా సెలవు పెట్టాలనిపిస్తుంది. పెట్టే ముందు మీ పాలసీలో శాండ్‌విచ్ రూల్ ఉందేమో చూడండి. శుక్రవారం, సోమవారం సెలవు పెడితే మధ్యలో శని, ఆదివారాలు కూడా లీవ్ కింద కొట్టేసే నియమం అది. అది ఉంటే ఒక్కో కీమోకి నాలుగు లీవులు, నాలుగు కీమోలకి 16 పోతాయి. మీ దగ్గర ఉన్నవే 22. అందుకని ఆ నాలుగు సోమవారాలకి ఇంట్లో మనిషిని పెట్టుకోండి. అత్తగారో, అక్కో, వదినగారో, ఎవరైనా ఆదివారం సాయంత్రం దిగి మంగళవారం వెళ్ళేలా. అందరూ ఆపరేషన్ అప్పుడు వచ్చి పదిరోజులు ఉండి వెళ్ళిపోతారు, అసలు అవసరం పడే సోమవారాలకి ఎవరూ ఉండరు. ఎవరైనా ఇప్పుడు ఫోన్ చేసి ‘ఏమైనా కావాలా’ అంటే మొహమాటపడకుండా తేదీ చెప్పండి.

నాలుగు అయ్యాక మూడు వారాలకి, అంటే ఏప్రిల్ 3 నుంచి వారానికొకటి. పన్నెండోది జూన్ 19. మీకు చెప్పిన వరస చూస్తే ఇది పాక్లిటాక్సెల్ అనే మందు అయి ఉంటుంది, డాక్టర్ గారిని అడిగి నిర్ధారించుకోండి. దీనికి వాంతులు తక్కువ. కానీ ఎక్కించే ముందు ఇచ్చే అలర్జీ మందు వల్ల మత్తుగా ఉంటుంది, ఆవిడ ఒక్కరే ఆటోలో ఇంటికి రాగలిగే పరిస్థితి కాదు. అలర్జీ రియాక్షన్ వస్తే చాలావరకు మొదటిసారో రెండోసారో వస్తుంది. కాబట్టి మొదటి రెండు వారాలు పూర్తి రోజు సెలవు పెట్టండి. మిగతా పదికి ఉదయం మొదటి టోకెన్‌లలో వెళ్ళి, ఆవిడని ఇంట్లో దింపి, సాయంత్రం ఆరున్నరకి ఆఫీసుకి రావచ్చు. మధ్యాహ్నం షిఫ్ట్ మీకు ఇక్కడ కలిసొచ్చింది. అంటే రెండు పూర్తి రోజులు, పది హాఫ్ డేలు, మొత్తం ఏడు లీవులు.

రేడియేషన్‌కి ఎన్ని సిట్టింగులైనా, మూడు వారాలైనా ఐదు వారాలైనా, లీవ్ అడగొద్దు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వెళ్ళాలి గానీ మిషన్ మీద ఉండేది కొద్ది నిమిషాలే. ఉదయం స్లాట్ అడగండి, మీ షిఫ్ట్ ఎటూ 2 గంటలకే. ముందు ప్లానింగ్ స్కాన్ చేసే రోజు ఒక్కటి సెలవు చాలు.

కూడితే నాలుగు, ఏడు, ఒకటి, మొత్తం 12. మీ 22లోంచి 10 మిగిలాయి. ఆ పదిని పుట్టినరోజుకీ, కరెంటు బిల్లుకీ, ఊళ్ళో పెళ్ళికీ వాడకండి. అవి రెండో రకం రోజుల కోసం.

తేదీ తెలియని రోజులు ఇవి. కీమో ఇచ్చాక తెల్ల రక్తకణాలు పడిపోతాయి. సుమారుగా ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య బాగా తక్కువగా ఉంటాయి. ఆ రోజుల్లో 100.4 ఫారెన్‌హీట్ దాటి జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనకూడదు, మాత్రతో టెంపరేచర్ దిగి లోపలి ఇన్ఫెక్షన్ కనబడకుండా పోతుంది. ఏ అర్ధరాత్రైనా ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. అడ్మిట్ చేస్తే మూడు నుంచి ఐదు రోజులు అనుకోండి. కణాలు పెరగడానికి మర్నాడు ఇంజక్షన్ ఇస్తారేమో, ఇస్తే అది ఇంటి దగ్గర నర్సింగ్ హోమ్‌లో వేయించుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి. ఒప్పుకుంటే ఇంకోసారి అగనంపూడి వెళ్ళే పని తప్పుతుంది.

ఇప్పుడు ఈ జ్వరం భయం ఉన్న రోజుల్ని మీ ఆఫీసు క్యాలెండర్ మీద పెట్టి చూడండి. జనవరి 9 కీమోకి ఆ రోజులు జనవరి 15 నుంచి 22. మధ్యలో సంక్రాంతి, కనుమ. మీ ఆరుగురిలో ముగ్గురైనా శ్రీకాకుళమో, విజయనగరమో, కోనసీమో సొంత ఊళ్ళకి వెళ్తారు. అంటే మీరు హఠాత్తుగా మాయమయ్యే అవకాశం ఉన్న వారమే మీ టీమ్ సగం ఖాళీగా ఉండే వారం. జనవరి 30 కీమో అయితే నేరుగా నెలాఖరు క్లోజింగ్ మీదే పడింది. ఫిబ్రవరి 20 కీమో రోజు మామూలు శుక్రవారమే, కానీ దాని జ్వరం రోజులు ఫిబ్రవరి 26 నుంచి మార్చి 5, మళ్ళీ క్లోజింగ్. మార్చి 13 తాలూకు రోజులు 19 నుంచి 26, అది క్షేమం.

ఇంకొక మెలిక ఉంది. ప్రతి కీమోకి ముందు రోజు రక్తపరీక్ష చేస్తారు. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు తగినన్ని లేకపోతే, సాధారణంగా 1500 కన్నా తక్కువ ఉంటే, వారం వాయిదా వేస్తారు. మూడోది ఫిబ్రవరి 27కి జరిగితే నాలుగోది మార్చి 20కి జరుగుతుంది. అప్పుడు నాలుగో దాని జ్వరం రోజులు మార్చి 26 నుంచి ఏప్రిల్ 2. క్షేమం అనుకున్నది కాస్తా మార్చి నెలాఖరు మీదకి వచ్చిపడింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నా దగ్గర పనిచేసిన ఒకాయన నాలుగు కీమోలకీ తేదీలతో సహా ఒకేసారి సిస్టమ్‌లో లీవ్ పెట్టేశాడు. పద్ధతిగా చేశాడని నేనూ మెచ్చుకుని అప్రూవ్ చేశాను. రెండోది వాయిదా పడింది. ఆ శుక్రవారం ఆయన ఖాళీగా ఇంట్లో ఉన్నాడు, ఆయన బదులు రావాల్సిన మనిషి ఆఫీసులో ఉన్నాడు. తర్వాతి శుక్రవారం ఇద్దరూ లేరు. బదులు మనిషి అప్పటికే వేరే పని పెట్టుకున్నాడు మరి. తప్పు ఆయనది కాదు, మా ఇద్దరి ప్లాన్‌లోనూ వాయిదాకి చోటు లేకపోవడం. కాబట్టి మీరు ‘ఫలానా శుక్రవారం, లేదా దాని తర్వాతి వారం’ అని అడగండి. గురువారం రక్తపరీక్ష రిపోర్ట్ వచ్చాక ఏదో ఒకటి ఖాయం చేయండి. శాంపిల్ ఉదయమే ఇంటి దగ్గర తీయించి ఇచ్చేస్తే సాయంత్రానికి తెలిసిపోతుంది. మీ బదులు మనిషికి రెండు శుక్రవారాలూ ఖాళీ ఉండాలి.

అడగడం ముందు నోటితో, తర్వాత మెయిల్‌తో. మెయిల్ చూసి తెలుసుకున్న మేనేజర్‌కి కాస్త మనసు నొచ్చుకుంటుంది, మనవాళ్ళ సంగతి మీకు తెలుసు కదా. కూర్చోబెట్టి చెప్పండి. దానికన్నా ముందు మీ ఆవిడని ఒక మాట అడగండి, జబ్బు పేరు ఎవరెవరికి చెప్పవచ్చో. మేనేజర్‌కీ హెచ్‌ఆర్‌కీ చెప్పక తప్పదేమో గానీ, టీమ్‌కి ‘ఇంట్లో ట్రీట్‌మెంట్ నడుస్తోంది, జూలై దాకా’ అంటే చాలు. డాక్టర్ లెటర్‌లో కూడా స్టేజీ, రిపోర్టులు అక్కర్లేదు. ట్రీట్‌మెంట్ ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎన్నాళ్ళకోసారి, తేదీలు మారవచ్చని, మధ్యలో అత్యవసరంగా చేర్చుకోవాల్సి రావచ్చని, తోడు మనిషి అవసరమని. ఈ ఐదు ముక్కలూ ఉండేలా రాసివ్వమని అడగండి. ‘పేషెంట్ అండర్ ట్రీట్‌మెంట్’ అని ఒక్క లైన్ రాసిచ్చిన కాగితం హెచ్‌ఆర్ దగ్గర ఎందుకూ పనికిరాదు.

‘ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరా?’ అనే ప్రశ్న వస్తుంది. మగవాడు భార్య కోసం సెలవు అడిగితే ఇప్పటికీ వస్తుంది, నా పై ఆఫీసర్ నా ఎదుటే ఒకరిని అడిగారు. కోపం తెచ్చుకోకండి. ‘ఉన్నారండీ, సోమవారాలు వాళ్ళే చూస్తారు. ఆసుపత్రిలో సంతకం పెట్టేది, ఇన్సూరెన్స్ చూసేది నేనే’ అనండి. అది నిజం కూడా.

మెయిల్ సుమారుగా ఇలా ఉండాలి. ఇంగ్లీషులోకి మీరే మార్చుకోండి, కానీ వరస ఇదే ఉంచండి.

> మొన్న మీతో మాట్లాడినట్టు, నా భార్య ట్రీట్‌మెంట్ జనవరి 9 నుంచి జూలై దాకా ఉంటుంది. డాక్టర్ లెటర్ జత చేశాను.
>
> తేదీ తెలిసిన సెలవులు: జనవరి 9, 30, ఫిబ్రవరి 20, మార్చి 13. రక్తపరీక్షను బట్టి ఒక్కో తేదీ వారం వాయిదా పడవచ్చు. ముందు రోజు గురువారం సాయంత్రం ఖాయం చేస్తాను. ఏప్రిల్ 3 నుంచి జూన్ 19 వరకు శుక్రవారాలు, మొదటి రెండు పూర్తి రోజులు, మిగతావి మొదటి హాఫ్. జూలైలో ఒక రోజు. మొత్తం 12.
>
> తేదీ తెలియని సెలవులు: అత్యవసరంగా ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, పది రోజుల వరకు, నా లీవ్ బ్యాలెన్స్ నుంచి. ఇవి వచ్చే అవకాశం ఉన్న తేదీలు కింద ఇచ్చాను. బ్యాలెన్స్ అయిపోతే మరో పది రోజుల వరకు లాస్ ఆఫ్ పేకి ముందస్తు అనుమతి కోరుతున్నాను.
>
> నేను లేని రోజుల్లో పని ఎవరు చూస్తారో జత చేసిన పట్టికలో ఉంది. రెండు కీమోలు అయ్యాక, ఫిబ్రవరి మొదటి వారంలో మీతో కూర్చుని మళ్ళీ చూద్దాం.

లాస్ ఆఫ్ పే ముందే అడగడం వల్ల పోయేదేమీ లేదు. అది వాడాల్సి వచ్చిన రోజు మీరు ఐసీయూ బయట ఉంటారు, అప్పుడు మెయిల్ రాసే తీరిక ఉండదు. హెచ్‌ఆర్‌ని మాత్రం ఇంకొక ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: లాస్ ఆఫ్ పే రోజుల్లో కుటుంబానికి ఉన్న గ్రూప్ మెడికల్ ఇన్సూరెన్స్ యథాతథంగా కొనసాగుతుందా అని. కొద్ది రోజులకైతే సాధారణంగా ఇబ్బంది ఉండదు, అయినా జవాబు మెయిల్‌లో ఉంచుకోండి. ఇదే కారణంతో, ఎంత విసుగొచ్చినా ఈ ఆరేడు నెలల్లో రాజీనామా ఆలోచన పెట్టుకోకండి. ఉద్యోగంతో పాటు ఆ పాలసీ పోతుంది. కొత్తగా తీసుకునే పాలసీలో ఉన్న జబ్బుకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది.

ఇక టీమ్. చాలామంది లీడ్‌లు ‘నా పని ఆరుగురూ పంచుకుంటారు’ అని రాసి పంపుతారు. అది ప్లాన్ కాదు. మీరు రోజంతా చేసేవాటిలో ఇన్‌వాయిస్‌లు ఎక్కించడం ఎంత ఉంటుంది చెప్పండి? ఆ పని ఆగదు. ఆగేది మీ చేతిలో ఉన్న నిర్ణయాలు. పేమెంట్ బ్యాచ్ అప్రూవ్ చేయడం, తేడా వచ్చిన ఇన్‌వాయిస్‌ని పట్టుకోవడం, క్లయింట్ మేనేజర్‌కి జవాబివ్వడం, ఎవరికి సెలవివ్వాలో చెప్పడం. ఒక వారం పాటు మీ దగ్గరికి ‘అన్నా, ఇది చూడు’ అని వచ్చినవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నిజంగా మీరే చేయాల్సినవి నాలుగైదు కన్నా ఎక్కువ తేలవు. వాటికి మాత్రమే మనిషిని పెట్టండి.

అప్రూవల్ విషయంలో ఒక చిక్కు ఉంది. ఎంట్రీ చేసినవాళ్ళే అప్రూవ్ చేయకూడదు కదా. మీ సీనియర్ అసోసియేట్‌ని మీ బదులు అప్రూవర్‌గా పెడితే, ఆ రోజు ఆ మనిషి ఎంట్రీలు చేయకూడదు. ముందు రోజుల్లో తను చేసిన ఎంట్రీలు ఆ బ్యాచ్‌లో ఉన్నా సమస్యే. అంటే జనవరి 30న సీనియర్ అప్రూవర్ అయితే, 28 నుంచే తన ఎంట్రీల పని ఇంకొకరికి మళ్ళించాలి. అప్పుడు మీకు మనుషులు ఏడుగురు కాదు, ఐదుగురు. ఇది లెక్కలో వేసుకోకపోవడం వల్లే నెలాఖరు రాత్రి పదిన్నరకి బ్యాచ్ ఇరుక్కుపోతుంది. ఇక అప్రూవర్ యాక్సెస్ క్లయింట్ వాళ్ళు ఇవ్వాలి, అడిగిన రోజే రాదు. ఈ రోజే అడగండి. వచ్చాక, మీరు పక్కన ఉండగానే ఒక గురువారం రన్ ఆ మనిషి చేతే చేయించండి.

యాక్సెస్ రాలేదని మీ పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వకండి. నేను ఇచ్చాను. మావారిని డయాలిసిస్ మధ్యలో బీపీ పడిపోయి వార్డుకి మార్చారు. నేను ఫోన్‌లో మా అమ్మాయికి, అంటే నా టీమ్‌లో పిల్లకి, పాస్‌వర్డ్ చెప్పేశాను. ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు, పేమెంట్లన్నీ సరిగ్గా వెళ్ళాయి. రెండు నెలల తర్వాత ఆడిట్‌లో, నేను ఆసుపత్రిలో ఉన్నట్టు లీవ్ రికార్డు, అదే గంటలో ఆఫీసు సిస్టమ్ నుంచి నా లాగిన్ రెండూ కనబడ్డాయి. నాకు మెమో, ఆ పిల్లకీ మెమో. నాది పర్వాలేదు, తన మెమో మాత్రం ఇప్పటికీ నా మనసులో ఉంది.

అలాగే వార్డులో మంచం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని ‘నేను అందుబాటులో ఉంటాను’ అనకండి. మీ కంపెనీ ఇంటి నుంచి పనికి ఒప్పుకున్నా సరే, కీమో శుక్రవారాలు సెలవంటే సెలవే. మీరు సగం ఉన్నారని తెలిస్తే బదులు మనిషి నిర్ణయం తీసుకోడు, మీ జవాబు కోసం ఆగుతాడు. మీరు డ్రిప్ చూస్తూ అంకెలు చూస్తే ఎక్కడో ఒక సున్నా తప్పుతుంది. పూర్తిగా లేకపోవడమే టీమ్‌కి సుఖం.

హఠాత్తుగా లేని రోజుకి ఒక్క ఏర్పాటు చాలు. జ్వరం రోజుల్లో, పట్టికలో రాసుకున్న ఆ తేదీల్లో, బదులు మనిషి సిద్ధంగా ఉంటాడు. ఆ తేదీల్లో తనకీ సెలవు ఉండదు. మీరు ఒకే ఒక్క మెసేజ్ పెడతారు, ‘ఈ రోజు నేను రాను’ అని, మేనేజర్‌కీ ఆ మనిషికీ. కారణం, టెంపరేచర్, సారీలు ఏవీ అక్కర్లేదు. మీ షిఫ్ట్ 2కి కాబట్టి ఉదయం పది లోపు పెడితే అందరికీ టైమ్ ఉంటుంది. ఆసుపత్రి నుంచి ఎప్పుడు వస్తానో అంచనా వేసి చెప్పకండి. మూడు రోజులు అని ముందే చెప్పేసి, రెండో రోజు సాయంత్రం ‘ఇంకో రోజు’ అంటే నమ్మకం తగ్గుతుంది. రోజూ ఉదయం పదికి ఆ రోజు సంగతి ఆ రోజే చెప్పండి.

ఆ బదులు మనిషి ఎవరు అన్నదాంట్లో జాగ్రత్త. మనం అలవాటుగా పెళ్ళికాని వాళ్ళ మీద, మధురవాడలో హాస్టల్‌లో ఉండే పిల్లల మీద వేసేస్తాం. ‘వాళ్ళకి ఇంట్లో ఏం పనుంటుంది’ అని. ఒకరికే అన్నీ వేస్తే మూడో నెలకి ఆ మనిషి పేపర్లు పెట్టేస్తాడు, అప్పుడు మీకు అసలైన సెలవు సమస్య మొదలవుతుంది. ఇద్దరిని తీసుకోండి. జనవరి, ఫిబ్రవరి ఒకరు, మార్చి ఒకరు, తర్వాత శుక్రవారాలు వారం మార్చి వారం. సంక్రాంతికి ఉండిపోయే మనిషికి ఉగాదికి సెలవు ఖాయం అని మేనేజర్ చేత మెయిల్‌లో అనిపించండి. ఎక్కువ పనిచేసిన రోజులకి కాంప్ ఆఫ్, ఏడాది రేటింగ్‌లో ఈ బాధ్యత పేరు పెట్టి రాయడం, ఈ రెండూ కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి. తర్వాత గుర్తుపెట్టుకుంటాం అన్నవి ఎవరికీ గుర్తుండవు. ప్రతిఫలంగా మీరు ఉన్న గురువారాల్లో కష్టమైన బ్యాచ్‌లు మీరే తీసుకోండి. టీమ్ ఇలాంటివన్నీ గమనిస్తుంది, పైకి అనకపోయినా.

ప్లాన్ పనిచేయడం లేదని ఎలా తెలుస్తుందంటే, రెండు చూడండి. మీరు లేని శుక్రవారం రాత్రి 11కి ఎన్ని ఇన్‌వాయిస్‌లు పెండింగ్‌లో ఉన్నాయో, మీరు ఉన్న శుక్రవారంతో పోల్చండి. కాస్త ఎక్కువుంటే సోమవారానికి సర్దుకుంటుంది. సోమవారం రాత్రికి కూడా దిగకపోతే మనిషి సరిపోవడం లేదని. రెండోది, ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీకు ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఏ విషయమై. ఒకే రకం ప్రశ్న రెండుసార్లు వస్తే, ఆ నిర్ణయం తీసుకునే అధికారం మీరు ఇవ్వలేదన్నమాట. ఎంత మొత్తం దాకా తనే తేల్చవచ్చు, ఏ తేడా వస్తే ఆపాలి, అంకెతో సహా రాసి ఇవ్వండి. ఫిబ్రవరి మొదటి వారంలో మేనేజర్‌తో కూర్చునేటప్పుడు ఈ రెండు లెక్కలూ తీసుకెళ్ళండి.

మేనేజర్ ఒప్పుకోకపోతే? సాధారణంగా తేదీ తెలిసిన 12కి ఒప్పుకుంటారు, తెలియని పదికి నసుగుతారు. అప్పుడు వాదించకుండా మధ్యేమార్గం అడగండి: జూలై దాకా అప్రూవర్ బాధ్యత లేని పనికి తాత్కాలికంగా మార్చమని, అదే జీతం, అదే గ్రేడ్ మీద. రిపోర్టింగో, కొత్తవాళ్ళకి ట్రైనింగో. అమెరికా చట్టంలోనూ ఇలాంటి విడివిడి సెలవు తీసుకునేవాళ్ళని తాత్కాలికంగా వేరే పనికి మార్చే వీలు కంపెనీకి ఉంది, జీతం, సౌకర్యాలు తగ్గించకుండా. లీడ్ హోదా పోతుందేమో అని బెంగ ఉంటుంది. జూలై తర్వాత తిరిగి ఇస్తామని మెయిల్‌లో రాయించుకుంటే నా దృష్టిలో అది మంచి బేరమే.

మార్చి కీమో అయ్యాక డాక్టర్ దగ్గర కొత్త లెటర్ తీసుకోండి. అప్పటికి తేదీలు ఎన్ని వాయిదా పడ్డాయో తెలుస్తుంది, ఏప్రిల్ 3 అన్నది 10వ తేదీయో 17వ తేదీయో అయి ఉండవచ్చు. వారం మందుల్లో చివరికొచ్చేసరికి అరచేతులు, పాదాలు తిమ్మిరెక్కుతాయి కొందరికి, గ్లాసు జారిపోతుంది, గుండీలు పెట్టుకోలేరు. అప్పుడు ఉదయం పూట ఇంట్లో మీ అవసరం పెరుగుతుంది, మీ షిఫ్ట్ మధ్యాహ్నం కావడం మళ్ళీ పనికొస్తుంది. ఎవరైనా మేలు చేస్తున్నామనుకుని మిమ్మల్ని పగలు షిఫ్ట్‌కి మారుస్తామంటే, జూలై దాకా వద్దని చెప్పండి.